సబ్బు పొరలో ఆకుపచ్చ ఎక్కడ మొదలవుతుంది?

కాంతి తరంగాల పాఠం చదివినవాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. గాలిలో ఉన్న సబ్బునీటి పొర మీద తెల్లటి కాంతి నిటారుగా పడుతోంది. తిరిగి వచ్చే కాంతిలో 550 నానోమీటర్ల ఆకుపచ్చ బాగా ప్రకాశించాలంటే పొర కనీస మందం ఎంతుండాలి? జవాబు 103 నానోమీటర్లు. లెక్కలో తప్పేమీ లేదు. కానీ అంత మందమున్న పొరను కిటికీ వెలుగులో చూస్తే ఆకుపచ్చ కనిపించదు, వెండిలా తెల్లగా మెరుస్తుంది. ఈ తేడా ఎందుకొస్తుందో పట్టుకుంటే, రంగును చూసి పొర మందం చెప్పడం చేతనవుతుంది.

తీగను గుండ్రంగా వంచి సబ్బునీటిలో ముంచి తీయండి. దాన్ని నిలువుగా పట్టుకుని, వెనక నల్లగుడ్డ ఉంచి, కిటికీ వెలుగు పొర మీద పడి మీ వైపు తిరిగొచ్చేలా నిలబడండి. నల్లగుడ్డ లేకపోతే ఏమీ తేలదు. పొరకున్న రెండు ముఖాల్లో ఒక్కొక్కటి తన మీద పడిన కాంతిలో సుమారు 2 శాతమే వెనక్కి పంపుతుంది. వెనకాల వెలుతురుంటే ఆ కాస్తా అందులో కలిసిపోతుంది. కొన్ని క్షణాల్లో నీరు కిందికి జారి పొర పైభాగం పలచబడుతుంది, కిందిభాగం మందంగా ఉంటుంది. రంగులు అడ్డపట్టీలుగా ఏర్పడి మెల్లగా కిందికి దిగుతాయి.

కంటికి చేరేవి రెండు తరంగాలు. ఒకటి ముందు ముఖం నుంచే వెనుదిరుగుతుంది. రెండోది పొరలోకి వెళ్లి, వెనక ముఖాన్ని తాకి తిరిగొస్తుంది. రెండోది పొర మందాన్ని రెండుసార్లు దాటాలి. పైగా సబ్బునీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి పొర లోపల తరంగదైర్ఘ్యం అన్ని రెట్లు కుంచించుకుపోతుంది. అందుకే అది అదనంగా నడిచిన దూరాన్ని 2t అని కాక 2nt అని లెక్కించాలి. ఇక్కడ t మందం, n వక్రీభవన గుణకం.

చాలామంది జారిపడే చోటు దీని తరవాతది. గోడకు కట్టిన తాడును ఒక్కసారి పైకి విదిలిస్తే, ఆ గూను గోడ దాకా వెళ్లి తలకిందులై తిరిగొస్తుంది. గాలిలోంచి నీటి మీద పడి వెనుదిరిగే కాంతి కూడా అంతే, శృంగం ద్రోణి అవుతుంది. వెనక ముఖం దగ్గర పరిస్థితి వేరు. అక్కడ కాంతి నీటిలోంచి గాలిని తాకి తిరిగొస్తుంది, అంటే ఎక్కువ గుణకం నుంచి తక్కువ గుణకం వైపు. అక్కడ తిరగబడదు. కనుక దూరం సంగతి రాకముందే రెండు తరంగాల మధ్య సగం తరంగం తేడా ఉంది. అవి కలిసి బలపడాలంటే, అంటే సంపోషక వ్యతికరణం జరగాలంటే, నడక మరో సగం తరంగాన్ని చేర్చి ఆ తేడాను పూరించాలి:

2nt = (m + ½)λ, m = 0, 1, 2, …

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదని పొరే చూపిస్తుంది. పగిలిపోయే ముందు దాని పైఅంచు నల్లబడుతుంది. రాబర్ట్ హుక్ 1672లో సబ్బు బుడగల్లో దీన్ని గమనించి రాయల్ సొసైటీకి వివరించాడు. న్యూటన్ 1704 నాటి ‘ఆప్టిక్స్’లో ఈ నల్లమచ్చల గురించి రాశాడు. అక్కడ పొర కాంతి తరంగం ముందు లెక్కలోకి రానంత పలచన, నడకలో తేడా దాదాపు శూన్యం. మిగిలింది తిరగబడిన సగం తరంగం ఒక్కటే. రెండు ప్రతిబింబాల బలం ఇంచుమించు సమానం కనుక ఒకదాన్నొకటి పూర్తిగా చెరిపేసుకుంటాయి. తిరగబడటమే లేకపోతే అత్యంత పలచని చోటే అత్యంత కాంతిగా ఉండాల్సింది.

ఇప్పుడు 550ని సూత్రంలో పెడదాం. m = 0 అయితే t = 550 ÷ (4 × 1.33), అంటే 103 నానోమీటర్లు. m = 1కి దానికి మూడు రెట్లు 310, m = 2కి అయిదు రెట్లు 517. మొదటి మందం దగ్గర ఆకుపచ్చ బలపడుతుంది, నిజమే. మరి మిగతా రంగుల మాట? ఆ మందంలో 2nt విలువ 275. రెండు తరంగాలు చెరిపేసుకోవాలంటే 2nt తరంగదైర్ఘ్యానికి పూర్ణాంక రెట్లు కావాలి. అలా చెరిగిపోయేది 275 నానోమీటర్ల అతినీలలోహితం. అది కంటికి ఎలాగూ కనిపించదు. ఎరుపు, నీలం ఏవీ చెరిగిపోవు, కాస్త తగ్గుతాయంతే. అన్నీ కలిసి తెలుపు.

రంగు పుట్టేది ఏదో ఒకటి బలపడినందుకు మాత్రమే కాదు, మరొకటి పోయినందుకు కూడా. పొర 207 నానోమీటర్లకు చేరితే 2nt సరిగ్గా 550, అక్కడ ఆకుపచ్చే మాయమవుతుంది. మిగిలిన ఎరుపు, నీలం కలిసి వంగపండు రంగులో మెరుస్తాయి. 310 దగ్గర 2nt విలువ 825. అక్కడ బలపడే దృశ్యకాంతి 550 ఒక్కటే. చెరిగిపోయేవి 825, 412. మొదటిది ఎరుపుకు అవతల, రెండోది ఊదాలో ఉంది. రెండు చివరలూ తగ్గి నడుమ ఆకుపచ్చ నిలబడుతుంది. పైనుంచి లెక్కపెడితే నలుపు, వెండి తెలుపు, తేనెపసుపు, వంగపండు, నీలం దాటాక వచ్చే ఆకుపచ్చ ఇది.

అందుకే ఆకుపచ్చ పట్టీ ఒక్కటే చూసి మందం చెప్పకూడదు. 310 ఆకుపచ్చే, 517 ఆకుపచ్చే. నలుపు నుంచి వరస లెక్కపెట్టుకుంటూ రావాలి, నలుపు ఇంకా పుట్టకపోతే పుట్టేదాకా ఆగాలి. చూసే కోణం కూడా మారకూడదు. అదే 310 పొరను 45 డిగ్రీల వాలు నుంచి చూస్తే బలపడే కాంతి 466కి జారి నీలం కనిపిస్తుంది. పొర మందం మారలేదు, మనం మారాం.

రోడ్డు మీది నీటి గుంటలో డీజిల్ పరుచుకున్నప్పుడు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. నూనె గుణకం 1.47 అనుకుందాం. గాలి కన్నా ఎక్కువ, నీటి కన్నా కూడా ఎక్కువ. కాబట్టి పై ముఖం దగ్గర మాత్రమే తరంగం తిరగబడుతుంది. మొదటి నికరమైన ఆకుపచ్చ 3 × 550 ÷ (4 × 1.47), అంటే సుమారు 280 నానోమీటర్ల దగ్గర వస్తుంది. సముద్రంలో ఒలికిన చమురును విమానం నుంచి అంచనా వేసేవారు ఈ గుణాన్నే వాడతారు. ఉత్తర సముద్ర దేశాల బాన్ ఒప్పందం పట్టికలో 0.04 నుంచి 0.3 మైక్రోమీటర్ల దాకా వెండి బూడిద మెరుపు, 0.3 నుంచి 5 దాకా ఇంద్రధనుస్సు రంగులు. 0.3 అంటే 300 నానోమీటర్లు. మన లెక్కలో రంగులు నిలదొక్కుకునే చోటూ, వారి గీతా దగ్గరదగ్గరే. ఆ మందంలో చదరపు కిలోమీటరుకు 300 లీటర్ల చమురు పరుచుకుని ఉంటుంది. అంటే మామూలు 200 లీటర్ల పీపాలు ఒకటిన్నర చాలు, కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పున్న సముద్రం రంగులెక్కడానికి.

పొర మందమెక్కేకొద్దీ ఈ కొలత చేజారుతుంది. సబ్బు పొర 1,500 నానోమీటర్లకు చేరితే 725, 614, 532, 469, 420 అన్నీ ఒకేసారి బలపడతాయి. ఎరుపు నుంచి ఊదా దాకా ఒక్కో చోట నుంచి ఒక్కోటి వచ్చి కలవడంతో కన్ను వాటిని వెలిసిన గులాబీగా, పాలిపోయిన పచ్చగా మాత్రమే చూడగలదు. ఇంకా మందమైతే ఆ ఛాయ కూడా పోయి తెల్లబడుతుంది. అక్కడ మందం కావాలంటే కన్ను చాలదు, తిరిగొచ్చిన కాంతిని వర్ణపటంగా విడదీసి ఏయే తరంగదైర్ఘ్యాలు బలపడ్డాయో విడివిడిగా చూడాలి. పక్కపక్కనున్న రెండు శిఖరాలు దొరికితే అదే సూత్రం నుంచి మళ్లీ మందం వస్తుంది.