బిడ్డ పుట్టిన ఇంటికి చెప్పాల్సిన మాట

బిడ్డ పుట్టిన కబురు తెలియగానే పంపే శుభాకాంక్షల్లో సంతోషం, తల్లీబిడ్డల క్షేమం, చేతనైన సాయం ఉంటే చాలు. "వారసుడొచ్చాడు", "డాక్టరమ్మ పుట్టింది" లాంటివి దీవెనల్లాగే వినిపిస్తాయి గానీ, బిడ్డ బతుకుదారిని ముందే గీసేస్తాయి. రెండో కాన్పులోనూ ఆడపిల్లే పుడితే "ఈసారి అబ్బాయేలే" అనే ఓదార్పు, ఒళ్లో ఉన్న పాపను లోటుగా లెక్కగడుతుంది.

నెలలు నిండకుండా, అంటే 37 వారాల లోపే, పుట్టిన బిడ్డ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 31 వారాలకే పుట్టి ఎన్ఐసీయూలో ఉన్న బాబు గురించి "వారంలో ఇంటికొచ్చేస్తాడు" అనడం డాక్టర్లు కూడా ఇవ్వలేని హామీ. అలాగని ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, ఆ పుట్టుక పండగే కాదన్నట్టు తల్లిదండ్రులకు తోస్తుంది. ఇలా రాయవచ్చు: "అన్నయ్యా, బాబు పుట్టినందుకు చాలా సంతోషం. వదినకు ఎలా ఉంది? రాత్రికి ఆసుపత్రికి క్యారియర్ తెస్తాను. జవాబు రాయకపోయినా పర్వాలేదు."

ఇందులో జోస్యం లేదు, బరువు గురించీ రంగు గురించీ ఆరా లేదు. బిడ్డ ఎప్పుడు ఇంటికి చేరినా ఈ మాటలు చెల్లుతాయి. రాసినవారు మాత్రం చెప్పిన వేళకు ఆ క్యారియర్ తీసుకెళ్లాలి.