గ్యాస్ అయిపోయిందంటే నమ్మే ముందు

గుంటూరులో మా పిన్ని కొడుకుకి టైలరింగ్ షాపు ఉంది. ఐదు కుట్టుమిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, మూలన గోడకి ఆనించి వాటర్ డిస్పెన్సరు. పైన ఇరవై లీటర్ల క్యాన్ బోర్లిస్తే కింద రెండు ట్యాపుల్లో ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు వచ్చే రకం. కిందటేడు మే నెలలో ఆ చన్నీళ్ల ట్యాపు కూడా మామూలు నీళ్లే ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక కుర్రాడు వచ్చి, వెనక్కి తిప్పనైనా తిప్పకుండా, "గ్యాస్ అయిపోయిందన్నా, ఎక్కించాలి" అని రెండున్నర వేలు చెప్పాడు.

ఆ మాట ఎండాకాలంలో ఊరూరా వినిపిస్తుంది. కానీ డిస్పెన్సర్‌లో గ్యాస్ వంటగ్యాస్‌లా వాడేకొద్దీ తరిగేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడిందన్నమాట. కన్నం చూడకుండా గ్యాస్ ఎక్కిస్తే అది కొన్నాళ్లకి మళ్లీ అదే దారిన పోతుంది. అందుకని గ్యాస్ మాట ఎత్తే ముందు రెండు చిన్న తప్పుల్ని పక్కకి తీసేయాలి. ఒకటి థర్మోస్టాట్, రెండోది వెనక జాలీకి పట్టిన దుమ్ము.

మావాడు ఆ కుర్రాణ్ని పంపేసి, నలభై ఏళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్న పెద్దాయన్ని పిలిపించాడు. ఆయన వస్తూనే స్క్రూడ్రైవర్ తియ్యలేదు. గ్లాసులో నీళ్లు పట్టి అందులో థర్మామీటర్ పెట్టాడు. మామూలు ట్యాపులో 34 డిగ్రీలు, చన్నీళ్ల ట్యాపులో 32. "పొద్దున్నే తాగితే ఎలా ఉంటున్నాయి బాబూ?" అని అడిగాడు. పొద్దున చల్లగానే ఉంటున్నాయి, పదకొండు దాటాక ఇలా అవుతున్నాయి అన్నాడు మావాడు. "నీళ్లు ఎంతమంది తాగుతారు?" ఆరుగురు కుట్టేవాళ్లు, వచ్చీపోయే జనం.

ఆ రెండో ప్రశ్న ఎందుకంటే, ఇలాంటి చిన్న డిస్పెన్సర్‌లో చన్నీళ్ల ట్యాంకు పట్టేది మూడు లీటర్లు, అటూఇటుగా. ఒక లీటరు నీటిని 34 డిగ్రీల నుంచి 10కి దించడానికి దానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే ట్యాంకు ఖాళీ చేశాక మళ్లీ చల్లబడటానికి గంట కావాలి. అందరూ భోజనాల వేళ వరసగా సీసాలు నింపుకుంటే బాగున్న యంత్రం కూడా గోరువెచ్చని నీళ్లే ఇస్తుంది. అది జబ్బు కాదు. మా షాపులో మాత్రం గంటసేపు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఉంచినా 32 నుంచి కదల్లేదు.

అప్పుడాయన పక్కన కుర్చీ వేసుకుని కూచుని చెవి పెట్టాడు. వినడంలోనే సగం సంగతి తేలిపోతుంది. కంప్రెసర్ అసలు మోగడం లేదా, కాసేపు మోగి ఆగిపోతోందా, ఆగకుండా మోగుతూనే ఉందా అన్నది తెలుసుకోవాలి.

అసలు మోగకపోతే ముందు వెనకాల ఉండే చన్నీళ్ల స్విచ్ చూడాలి. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్ అవుతూ ఉంటుంది. స్విచ్ సరిగ్గానే ఉంటే అనుమానం థర్మోస్టాట్ మీదికి పోతుంది. చాలా డిస్పెన్సర్లలో ఇది పాత ఫ్రిజ్‌లో ఉన్నలాంటిదే. ఒక చిన్న డబ్బా, దాన్నుంచి బయల్దేరిన సన్నని గొట్టం. ఆ గొట్టం కొస చన్నీళ్ల ట్యాంకుకి ఆనుకుని ఉంటుంది. గొట్టంలో నింపిన వాయువు వేడెక్కితే వ్యాకోచించి లోపలి స్విచ్‌ని కలుపుతుంది, చల్లబడితే విడదీస్తుంది. ఆ గొట్టం వంగి విరిగి లోపలి వాయువు పోతే, నీళ్లు ఎంత వేడిగా ఉన్నా డబ్బాకి చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది. కంప్రెసర్‌ని మొదలుపెట్టనివ్వదు. మెకానిక్ ప్లగ్ పీకేసి, థర్మోస్టాట్‌కి వచ్చే రెండు వైర్లూ ఒకదానికొకటి కలిపి టేప్ చుట్టి, మళ్లీ ప్లగ్ పెట్టి చూస్తాడు. కంప్రెసర్ మోగితే తప్పు థర్మోస్టాట్‌దే, అది మారిస్తే సరిపోతుంది. ఈ పని ఇంట్లోవాళ్లు చెయ్యకూడదు. పక్కనే నీళ్లు కారే యంత్రం అది.

ఇందులో గుర్తుంచుకోదగ్గ సంగతి ఒకటుంది. కంప్రెసర్ ఆగకుండా మోగుతూ ఉండి నీళ్లు చల్లబడకపోతే థర్మోస్టాట్‌ది తప్పు కాదు. దాని పని కరెంటు కలపడం, విడదీయడం వరకే. ఆ స్థితిలో "థర్మోస్టాట్ మారుద్దాం" అనే మాట వింటే వద్దనండి.

మా షాపులో యంత్రం కాసేపు మోగి ఆగేది. పది పన్నెండు నిమిషాలు మోగడం, వెనకాల "టక్" అని శబ్దం, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ మొదలు. "థర్మోస్టాట్ ఆపుతోందేమో" అన్నాను నేను. ఆయన ముందువైపు లైటు చూపించాడు. "అది ఆపితే ఈ లైటు ఆరిపోవాలండి. ఆరలేదు చూడండి." చాలా యంత్రాల్లో చల్లదనం లైటు థర్మోస్టాట్ తర్వాత కలిపి ఉంటుంది. లైటు వెలుగుతూనే కంప్రెసర్ ఆగిందంటే, కంప్రెసర్ పక్కన అంటించి ఉండే ఓవర్‌లోడ్ అనే చిన్న రక్షణ స్విచ్ వేడికి విడిపోయిందని అర్థం. అది చల్లారాక తనే కలుస్తుంది. అదే కంప్రెసర్ మొదలవుతూనే మూడు నాలుగు సెకన్లు మూలిగి టక్‌మంటే సంగతి వేరు. స్టార్టింగ్ రిలే పోయి ఉండాలి, లేదా ఓల్టేజీ బాగా పడిపోయి ఉండాలి, లేదా కంప్రెసరే బిగుసుకుపోయి ఉండాలి.

యంత్రాన్ని గోడ నుంచి ఇవతలికి లాగేసరికి అసలు కథ కనిపించింది. వెనకాల నల్లటి తీగల జాలీ ఉండాల్సిన చోట బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. గుడ్డల నూగు, నూలు పీచు, దుమ్ము కలిసి అట్టలా పేరుకుంది. చేత్తో లాగితే ముక్కలుగా ఊడొచ్చింది.

ఆ జాలీయే కండెన్సర్. చల్లదనం తయారుచేసే యంత్రం అంటాం గానీ నిజానికి ఇది వేడిని ఒక చోట నుంచి ఇంకో చోటికి మోసే యంత్రం. ట్యాంకు చుట్టూ చుట్టిన గొట్టంలో గ్యాస్ ఆవిరవుతూ నీళ్లలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి మరింత వేడిగా చేసి జాలీలోకి తోస్తుంది. అక్కడ వేడి గదిలోకి పోయి గ్యాస్ మళ్లీ ద్రవమవుతుంది. వేడి గదిలోకి పోవాలంటే జాలీ గదికన్నా వేడిగా ఉండాలి. మేలో గదే 40 డిగ్రీలుంటే జాలీ 55 దగ్గర పనిచెయ్యాల్సి వస్తుంది. దానికి దుప్పటి కప్పితే వేడి దిగక లోపలి ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి తనే కాగిపోతుంది. పొద్దున గది చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, మధ్యాహ్నం చేతులెత్తేస్తుంది. "పొద్దున ఎలా ఉంటున్నాయి" అని ఆయన అడిగింది ఇందుకే.

ప్లగ్ తీసి, పెయింటు బ్రష్షుతో పైనుంచి కిందికి దులిపాడు. అడ్డంగా రుద్దితే సన్నని తీగలు వంగుతాయట. నీళ్లు పొయ్యనివ్వలేదు. అరగంట చల్లారనిచ్చి, గోడకి జానెడు దూరంలో పెట్టి ఆన్ చేశాడు. గంటన్నర తర్వాత చన్నీళ్ల ట్యాపులో 11 డిగ్రీలు. తీసుకున్నది మూడొందలు. షాపులో నూగు ఆగేది కాదు గనక ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి దులపమన్నాడు. మామూలు ఇంటికి రెండు మూడు నెలలకోసారి చాలు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో అదే యంత్రం మళ్లీ మొరాయించింది. మావాడు ఫోన్ చేసి, "అన్నయ్యా, దులిపాను, అయినా చల్లబడట్లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే ఈసారి లక్షణాలన్నీ తిరగబడి ఉన్నాయి. కంప్రెసర్ పొద్దుటినుంచీ ఆగకుండా మోగుతోంది. జాలీ మీద చెయ్యి పెడితే వేడిగా లేదు, పైవైపు మాత్రం కాస్త వెచ్చన. పోయినేడు వేళ్లు ఆననివ్వని జాలీ అది. ట్యాంకు నుంచి కంప్రెసర్‌కి తిరిగొచ్చే గొట్టం బాగున్నప్పుడు చల్లగా, చెమట పట్టినట్టు ఉంటుంది. ఇప్పుడది గది వేడికి ఉంది. క్యాన్ దించి లోపల చేత్తో తడిమితే ట్యాంకు గోడకి ఒక్కచోట పలచగా మంచు తగిలింది, మిగతాదంతా మామూలుగా ఉంది.

గ్యాస్ తగ్గితే ఇలాగే ఉంటుంది. మోయడానికి గ్యాస్ చాలక వేడి జాలీ దాకా రాదు. ఉన్న కొద్దిపాటి గ్యాస్ ట్యాంకు చుట్టూ ఉన్న గొట్టంలో మొదటి చుట్టులోనే ఆవిరైపోయి అక్కడ మంచు కడుతుంది, మిగతా చుట్లు ఖాళీ. పూర్తిగా పోయాక ఆ మంచూ ఉండదు. పెద్దాయన వచ్చి క్లాంప్ మీటర్ తగిలిస్తే కరెంటు కూడా ప్లేటు మీద రాసినదానికన్నా బాగా తక్కువ చూపించింది. పనే లేని కంప్రెసర్ తేలిగ్గా తిరుగుతోంది.

"ఇప్పుడు గ్యాసేనండి. ఎక్కడ పోయిందో చూద్దాం," అని టార్చి తీశాడు. జాలీ గొట్టం కింద మూల దగ్గర రేకుకి రాసుకునే చోట నూనె మరక, దానికి అంటిన దుమ్ము. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దిగా తిరుగుతుంది గనక కన్నం పడ్డ చోట మరక వేస్తుంది. సబ్బు నురగ రాస్తే సన్నగా బుడగలొచ్చాయి. ఏళ్లతరబడి అదురుకి రాసుకుని గొట్టం అరిగిపోయింది.

తర్వాతి పని అరగంటలో అయ్యేది కాదు. యంత్రం తీసుకెళ్లి, కన్నం అతికి, డ్రయ్యర్ అనే చిన్న వడపోత మార్చి, నైట్రోజన్ నింపి మళ్లీ ఎక్కడా కారట్లేదని చూసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, అప్పుడు గ్యాస్ తూచి ఎక్కించాడు. యంత్రం వెనక ప్లేటు మీద ఆర్-134ఎ, 40 గ్రాములు అని ఉంది. నలభై గ్రాములంటే దాదాపు మూడు పెద్ద చెంచాల చక్కెర బరువు. అందులో పది గ్రాములు అటైనా ఇటైనా చల్లదనం దెబ్బతింటుంది. అందుకే చిన్న త్రాసు లేకుండా "అందాజుగా" గ్యాస్ కొట్టేవాళ్లకి ఈ యంత్రాలు ఇవ్వకూడదు. కొత్తవాటిలో వచ్చే ఆర్-600ఎ అయితే మండే గ్యాస్. అది లోపలుండగా నిప్పు దగ్గరికి తేకూడదు.

యంత్రం తిరిగొచ్చిన మర్నాడు మావాడి గొంతులో మళ్లీ దిగులు. జాలీ వేడిగా ఉంది, కంప్రెసర్ ఆగి మొదలవుతోంది, అన్నీ సరే, నీళ్లు మాత్రం 24 డిగ్రీలు. పెద్దాయన ఫోన్‌లోనే అడిగాడు: "ట్యాంకు కడిగారా బాబూ? లోపలి బిళ్ల మళ్లీ పెట్టారా?" ట్యాంకు మధ్యలో ఒక ప్లాస్టిక్ బిళ్ల అడ్డంగా ఉంటుంది. మామూలు ట్యాపుకి దాని పైనుంచీ, చన్నీళ్ల ట్యాపుకి దాని కిందనుంచీ నీళ్లు వస్తాయి. అది లేకపోతే క్యాన్‌లోంచి దిగిన వేడినీళ్లు కిందున్న చన్నీళ్లలో కలిసిపోతాయి. షాపు కుర్రాడు కడిగి ఎండలో పెట్టిన ఆ బిళ్ల ఇంకా డాబా పిట్టగోడ మీదే ఉంది. తెచ్చి బిగించారు. సాయంత్రానికి 10 డిగ్రీలు చూపించింది.