సవరణ ఈమెయిల్‌తో బయటపడిన 90 మంది

పిల్లలపై జరిగిన లైంగిక అఘాయిత్యాలను విచారించడానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక స్వతంత్ర సంఘం ఉండేది. 2017 ఫిబ్రవరి 27న అందులోని ఒక ఉద్యోగి, బాధితులై ఉండొచ్చనుకున్న 90 మందికి బహిరంగ విచారణ సంగతి చెబుతూ ఈమెయిల్ పంపారు. అడ్రసులన్నీ Bcc గడిలోనే పెట్టారు కాబట్టి ఒకరి సంగతి ఇంకొకరికి తెలియలేదు. పంపాక అందులో ఒక తప్పు కనిపించింది. దాన్ని దిద్దుతూ రెండో ఈమెయిల్ పంపారు. ఈసారి అడ్రసులు To గడిలో పడ్డాయి. వాటిలో 52 అడ్రసుల వెంట మనిషి పూర్తి పేరు ఉంది. మరుసటి ఏడాది జులైలో సమాచార కమిషనర్ ఆ సంఘానికి 2 లక్షల పౌండ్ల జరిమానా వేశారు.

మొదటిసారి జాగ్రత్తగా చేసిన మనిషే రెండోసారి జారిపోవడం ఇందులో గమనించాల్సిన సంగతి. Bcc తెలియక కాదు, తొందరలో గడి మారింది. సవరణలు, రిమైండర్లు, ‘అటాచ్‌మెంట్ మరిచిపోయాం’ అనే ఉత్తరాలు పంపేటప్పుడు మన ధ్యాసంతా దిద్దాల్సిన విషయం మీదే ఉంటుంది.

To, Cc గడుల్లోని అడ్రసులు ఉత్తరంలో భాగమైపోతాయి. అందరికీ వెళ్లే ప్రతిలోనూ ఉంటాయి. Bccలోవి ఉత్తరాన్ని చేరవేయడానికే పనికొస్తాయి, అందుకున్నవాళ్ల ప్రతిలో ఆ జాబితా ఉండదు. కొరియర్ కుర్రాడి చేతిలో ఉండే చిరునామాల కాగితం లాంటిదది. కవర్ ఇచ్చేస్తాడు, కాగితం తనతోనే తీసుకెళ్తాడు.

కాబట్టి బయటివాళ్లు చాలామందికి ఒకేసారి రాసేటప్పుడు To గడిలో మీ సొంత అడ్రసే పెట్టుకోండి. ఒక కస్టమర్‌ను Toలో ఉంచి మిగతా రెండు వందల మందిని Bccలో పెడితే, ఆ ఒక్కరి అడ్రసు రెండు వందల మందికీ తెలుస్తుంది. పైగా Bccలో ఉన్న ఎవరైనా Reply all నొక్కితే ఆ జవాబు మీకూ ఆ కస్టమర్‌కూ వెళ్తుంది. Toలో మీరొక్కరే ఉంటే ఆ జవాబు మీ దగ్గరికే వస్తుంది.

కంప్యూటర్‌లో జీమెయిల్ వాడితే To వరుస చివర Bcc ఉంటుంది, ఫోన్‌లో పక్కనున్న బాణం గుర్తు నొక్కాలి. అవుట్‌లుక్‌లో కొత్త ఉత్తరం తెరిచి Options కింద Bccని కనిపించేలా పెట్టుకోవాలి. ఉత్తరం మొత్తం రాశాక, అటాచ్‌మెంట్ తెరిచి చూశాక, చిట్టచివర అడ్రసులు పెట్టడం మంచి అలవాటు. పెద్ద జాబితాకు పంపే ముందు మీవే రెండు అడ్రసులకు Bccలో పంపి, అందిన ప్రతిలో ఏం కనిపిస్తోందో చూసుకోండి. అడ్రసులు దాచి, పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న ఎక్సెల్ ఫైలును జతచేసేవాళ్లూ ఉంటారు! అప్పుడు Bcc ఏం చేయగలదు?

‘పంపేశాక వెనక్కి తీసుకోవచ్చుగా’ అనే ధైర్యం పనికిరాదు. అవుట్‌లుక్‌లోని Recall మీ సంస్థ లోపలివాళ్ల వరకే పనిచేస్తుంది, బయటివాళ్ల పెట్టెలోంచి ఉత్తరాన్ని లాగలేదు. జీమెయిల్‌లోని Undo Send మామూలుగా 5 సెకన్లే దొరుకుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 30 సెకన్లకు పెంచుకోవచ్చు, అదే గరిష్ఠం. పొరపాటు చాలాసార్లు ఆ తర్వాతే తెలుస్తుంది. విచారణ సంఘానికి కూడా ఈమెయిల్ అందుకున్న ఒకరు రాస్తేనే తెలిసింది. ఉత్తరాన్ని చెరిపేయమని అది అందరికీ మళ్లీ మూడు ఈమెయిళ్లు పంపింది. వాటిలో ఒకదానికి 39 జవాబులు Reply allతో అందరికీ వెళ్లాయి. ఇలాంటప్పుడు ఎవరి ఉత్తరం వాళ్లకు విడిగా పంపి, ఏం బయటపడిందో చెప్పి, క్షమాపణ అడగాలి. డేటా ఇలా బయటపడితే సంబంధిత వ్యక్తులకూ బోర్డుకూ తెలియజేయాలనే నిబంధన 2023లో వచ్చిన మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ ఉంది.

అపార్ట్‌మెంట్ మీటింగ్ నోటీసుకు Bcc చాలు. రోగులు, బాధితులు, అప్పు తీసుకున్నవాళ్లు, అంటే జాబితాలో పేరుండటమే ఒక రహస్యమైనప్పుడు, Bccని నమ్ముకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అక్కడ భద్రత అంతా ఒక మనిషి ఏ గడిలో పేస్ట్ చేశాడన్నదాని మీదే నిలబడుతుంది. దానికి బదులు మెయిల్ మెర్జ్ వాడితే ప్రతి మనిషికీ వేరే ఉత్తరం తయారవుతుంది. Toలో అతనొక్కడి అడ్రసే ఉంటుంది. అలా ఒక్కొక్కరికీ విడిగా పంపే ఏర్పాటు లేకపోవడాన్ని కమిషనర్ కూడా తప్పుపట్టారు.

మెయిలింగ్ లిస్ట్ అంటారా, సెట్టింగ్ సరిగా లేకపోతే అదీ ముంచుతుంది. ఆ సంఘమే తర్వాత ఒక ఐటీ కంపెనీకి లిస్ట్ అప్పగించింది. జవాబులు అందరికీ వెళ్లవన్న వాళ్ల మాట నమ్మింది. 2017 జులైలో ఒకరు Reply all నొక్కారు, వారి అడ్రసు లిస్ట్ మొత్తానికి చేరింది. అలాంటి లిస్ట్ పెట్టినప్పుడు పోస్ట్ చేసే అనుమతి నిర్వాహకులకే ఉంచి, ఒక సభ్యుడి అడ్రసు నుంచి మీరే జవాబు పంపి, అది ఎక్కడికి పోతోందో చూశాకే అసలు పేర్లు ఎక్కించాలి.