పాలకు ధర కట్టే రెండు అంకెలు

మన సూరత్‌లో తెల్లవారుజామున గుమ్మం ముందు పడే పాల ప్యాకెట్టును ఈసారి కాస్త తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో రెండు శాతాలు అచ్చువేసి ఉంటాయి. ఫుల్ క్రీమ్ పాలైతే వెన్న 6.0, ఎస్‌ఎన్‌ఎఫ్ 9.0. టోన్డ్ పాలైతే వెన్న 3.0, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5. బదిలీల మీద ఊళ్లు మారిన పిల్లలకు ప్యాకెట్టు మీద పేర్లు మారడం తెలిసిందే. హైదరాబాదులో విజయ, బెంగళూరులో నందిని, పాట్నాలో సుధ, ఇక్కడ అమూల్, సుముల్. పేరు మారినా ఆ రెండు అంకెలు మాత్రం ఎక్కడైనా ఉంటాయి. మనకు అవి ప్యాకెట్టు మీది సమాచారం. పాలు పోసిన రైతుకు మాత్రం ఆ పూట కూలి ఎంతో చెప్పేవి అవే.

సుముల్ అంటే సూరత్ జిల్లా పాల సహకార సంఘం. 1951లో మొదలైంది. ఖేడా జిల్లాలో 1946లో పుట్టి తరువాత అమూల్‌గా పేరు తెచ్చుకున్న సంఘం బాటలోనే ఇదీ నడిచింది. సూరత్, తాపీ జిల్లాల పల్లెల నుంచి దీనికి పాలు వస్తాయి. పల్లెలో ఉండేదాన్ని ఇక్కడివాళ్లు దూధ్ మండళి అంటారు, మన ఊళ్లలో పాలకేంద్రం అంటాం. ఉదయం, సాయంత్రం క్యాన్లతో వరుస కడతారు. పాలు తూస్తారు, చిన్న గ్లాసుడు నమూనా తీస్తారు, పరీక్షిస్తారు, చీటీ ఇస్తారు. ఆ చీటీ మీద బరువు, FAT, SNF, ధర, మొత్తం రూపాయలు ఉంటాయి.

ముందు ఈ రెండు మాటల అర్థం తెలియాలి. పాలలో ఎక్కువ భాగం నీళ్లే. మిగిలిన వాటిలో ఒకటి వెన్న. వెన్నను తీసేసి, నీళ్లన్నీ ఇంకిపోయేదాకా ఎండబెడితే మిగిలే పొడి ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాని ఘనపదార్థాలు. మాంసకృత్తులు, పాలచక్కెర, కాల్షియం వంటి లవణాలు అందులో ఉంటాయి. డెయిరీ వెన్నతో నెయ్యి చేస్తుంది, రెండోదానితో పాలపొడి చేస్తుంది. అందుకే నీళ్లకు కాక ఈ రెంటికీ డబ్బులిస్తుంది.

గుజరాత్‌లో పాల సంఘాలు గేదె పాల ధరను చాలాకాలంగా "కిలో ఫ్యాట్‌కు ఇంత" అని ప్రకటిస్తాయి. లెక్క సులువుగా ఉండటానికి కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. ఒకామె ఉదయం 5 కిలోల గేదె పాలు పోసింది, వెన్న 6.5 శాతం వచ్చింది. ఐదు కిలోల్లో వెన్న 325 గ్రాములు. దానికి 260 రూపాయలు, అంటే కిలో పాలకు 52.

ఇప్పుడు ఒక చిలిపి ప్రశ్న. ఆమె 4 కిలోల పాలలో కిలో నీళ్లు కలిపి 5 కిలోలు పోస్తే? బజారులో లీటరు లెక్కన అమ్మితే ఆ నీటికీ డబ్బు వస్తుంది. ఇక్కడ చూడండి. 4 కిలోల్లో ఉన్న వెన్న 260 గ్రాములు. నీళ్లు కలిపాక కూడా వెన్న 260 గ్రాములే, శాతం మాత్రం 5.2కు దిగుతుంది. చేతికొచ్చేది 208 రూపాయలు. నీళ్లు కలపకుండా ఆ 4 కిలోలే పోసినా సరిగ్గా 208 వచ్చేది! కిలో నీళ్లు మోసిన శ్రమే మిగిలింది. అదీకాక గేదె పాలకు 9 ఉండాల్సిన ఎస్‌ఎన్‌ఎఫ్ 7.2కు పడిపోతుంది కనుక కేంద్రం ఆ పాలను తిప్పి పంపవచ్చు. ఈ పద్ధతిలో నాకు నచ్చే సంగతి ఇదే. మోసం చేయవద్దని ఎవరూ చెప్పనక్కరలేదు, లెక్కే చెబుతుంది.

మరి ఆవు పాల మాటేమిటి? ఆవు పాలలో వెన్న నాలుగు శాతం అనుకుంటే, కిలో ఫ్యాట్ లెక్కన కిలో పాలకు 32 రూపాయలే వస్తాయి. కానీ దాని ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5. గేదె పాలతో పోలిస్తే అందులో పెద్దగా తక్కువేమీ లేదు. వెన్నకు మాత్రమే డబ్బిస్తే ఆవు రైతు ఇచ్చిన పొడి భాగం ఉచితంగా పోయినట్టే. అందుకే రెండు అక్షాల ధర వచ్చింది. వెన్నకు ఒక ధర, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు సాధారణంగా దానిలో మూడింట రెండు వంతులు. కిలో వెన్నకు 420, కిలో ఎస్‌ఎన్‌ఎఫ్‌కు 280 అనుకోండి. గేదె పాలకు 27.30, 25.20 కలిపి 52.50 వస్తుంది. ఆవు పాలకు 16.80, 23.80 కలిపి 40.60. గేదె రైతు ఉన్నచోటే ఉన్నాడు, ఆవు రైతు 32 నుంచి 40 దాటాడు. (ఈ ధరలు లెక్క కోసం వేసుకున్నవి. అసలు ధరలు సంఘానికి సంఘానికీ, కాలానికి కాలానికీ మారుతుంటాయి.)

వెన్నను ఎలా కొలుస్తారు? నూరేళ్లు దాటినా ఇప్పటికీ వాడుకలో నిలిచింది గెర్బర్ పరీక్ష. స్విట్జర్లాండుకు చెందిన నిక్లాస్ గెర్బర్ పేరు మీద వచ్చింది. బ్యూటిరోమీటర్ అనే సన్నమెడ గాజు గొట్టంలో ముందు 10 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, దాని మీద మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాల్ పోసి బిరడా బిగిస్తారు. ఊపగానే గొట్టం చేతిలో పట్టలేనంత వేడెక్కుతుంది, పాలు కాఫీ రంగుకు తిరుగుతాయి. వెన్న తప్ప మిగిలినవన్నీ ఆమ్లంలో కరిగిపోయాయన్నమాట. తరువాత గిర్రున తిప్పే యంత్రంలో నాలుగైదు నిమిషాలు తిప్పుతారు. తేలికైన వెన్న మెడలోకి చేరి బంగారు రంగు గీతలా నిలుస్తుంది. 65 డిగ్రీల వేడినీటిలో కాసేపు ఉంచి ఆ గీత పొడవు చదువుతారు. గొట్టం మీది అంకెలే వెన్న శాతం. పరీక్ష చెడిందా లేదా అన్నదీ ఆ గీతే చెబుతుంది. దాని అడుగున నల్లని మాడు కనబడితే ఆమ్లం మరీ గాఢంగా ఉందని, తెల్లని విరుగుడు ముక్కలు కనబడితే బలం చాలలేదని అర్థం. రెండు సందర్భాల్లోనూ ఆ అంకెను నమ్మకూడదు, మళ్లీ చేయాలి. ఇది సైన్సు మేష్టారు ఎదుట మాత్రమే చూడాల్సిన పరీక్ష, ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.

ఎస్‌ఎన్‌ఎఫ్‌కు నేరుగా కొలిచే గొట్టం లేదు. పాలలో లాక్టోమీటరు తేలించి సాంద్రత చూస్తారు. 29 అని తేలితే లీటరు పాలు 1029 గ్రాములు తూగుతాయని అర్థం. పాలు వేడిగా ఉంటే పలచబడి అంకె తగ్గుతుంది కనుక వేడిని బట్టి సవరిస్తారు. సవరించిన అంకెనే CLR అంటారు. ఆపైన ఒక సూత్రం. స్థిరాంకాలు డెయిరీని బట్టి కొద్దిగా మారతాయి, వాడుకలో ఉన్నవాటిలో ఒకటి ఇది:

```
SNF = CLR/4 + 0.21 × F + 0.36
```

మన గేదె పాలకు CLR 29, వెన్న 6.5 అయితే 7.25, 1.365, 0.36 కలిపి దాదాపు 8.98. నీళ్లు కలిపిన పాలలో CLR 23కు పడిపోతుంది.

అయితే లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. వెన్న నీటికన్నా తేలిక. పైన మీగడ తీసేస్తే మిగిలిన పాలు బరువెక్కి లాక్టోమీటరు అంకె పెరుగుతుంది. అప్పుడు నీళ్లు పోసి ఆ అంకెను మళ్లీ 29కి దించవచ్చు. మీగడ పోయింది, నీళ్లు చేరాయి, లాక్టోమీటరు మాత్రం "బాగున్నాయి" అంటుంది! వెన్న పరీక్ష పక్కన ఉంటేనే ఈ దొంగతనం దొరుకుతుంది. ఉప్పో చక్కెరో యూరియానో వేసి సాంద్రత పెంచేవాళ్లూ ఉంటారు. వాటిని పట్టుకోవడానికి వేరే రసాయన పరీక్షలున్నాయి.

ఇప్పుడు పల్లెల్లో చాలాచోట్ల ఆమ్లం సీసాలకు బదులు చిన్న యంత్రం ఉంటుంది. పాలలోంచి అతిధ్వని తరంగాలను పంపి, నిమిషంలోపే అంకెలు తెర మీద చూపిస్తుంది. వేగం మంచిదే. వరుసలో నిలబడ్డవాళ్లకు అంకె కళ్లెదుటే కనబడటం ఇంకా మంచిది. కానీ నురుగు ఉన్నా, పాలు పులిసినా, లోపలి గొట్టాలు సరిగా కడగకపోయినా అది తప్పు చెబుతుంది. అందుకే అప్పుడప్పుడు అవే పాలకు గెర్బర్ పరీక్ష చేసి యంత్రాన్ని సరిచూస్తుండాలి.

అన్నిటికన్నా ఎక్కువ తప్పు జరిగేది మాత్రం యంత్రంలో కాదు, నమూనా తీసే గరిటెలో. కదలకుండా ఉన్న పాలలో మీగడ పైకి తేలుతుంది. కలపకుండా పైనుంచి తీస్తే వెన్న ఎక్కువ వస్తుంది, సంఘానికి నష్టం. అడుగునుంచి తీస్తే తక్కువ వస్తుంది, రైతుకు నష్టం. ఒక్క 0.1 శాతం తేడా ఎంతో చూద్దాం. రోజుకు 10 కిలోలు పోసేవాళ్లకు అది 10 గ్రాముల వెన్న, మన కిలో ఫ్యాట్ లెక్కన 8 రూపాయలు. నెలకు 240. పాలు పోశాక క్యాను బాగా కలిపారా లేదా అని పల్లెటూరి ఆడవాళ్లు కళ్లార్పకుండా చూసేది అందుకే.

అంకె తగ్గిందని ప్రతిసారీ పరీక్షనే అనుమానించకూడదు కూడా. రాత్రంతా గడిచాక తీసే ఉదయం పాలకన్నా, తక్కువ వ్యవధిలో తీసే సాయంత్రం పాలలో వెన్న సాధారణంగా ఎక్కువ. ఒకే పితుకులో కూడా మొదటి ధారలు పలచన, చివరి ధారలు చిక్కన. మా అమ్మమ్మ దూడకు చివర్లో రెండు చన్నులు వదిలేసేది. దూడ బలిసేది, పాలకేంద్రం చీటీలో వెన్న తగ్గేది. "యంత్రం దొంగది" అని ఆమె తిట్టేది, పాపం యంత్రం నిజమే చెప్పింది. దూడకు ముందే కొంత వదిలి, చివరి ధారలు క్యానులో పడేలా పితికితే అదే గేదె, అదే మేత, అంకె మాత్రం పెరుగుతుంది.

మండళిలో పరీక్షతో కథ అయిపోదు. పల్లె పాలన్నీ కలిసి డెయిరీకి వెళ్లాక అక్కడ మళ్లీ పరీక్షిస్తారు, మండళికి డబ్బు ఆ అంకె మీదే వస్తుంది. పల్లెలో అందరికీ రాసిన వెన్న మొత్తం, డెయిరీలో తేలిన వెన్న దాదాపు సరిపోవాలి. పల్లెలో ఎక్కువ రాస్తే ఆ తేడా మండళి నెత్తిన పడుతుంది. తక్కువ రాస్తే మిగులు మండళి ఖాతాలో కనబడుతుంది, ఆ ఖాతాలు సభ్యుల సర్వసభ్య సమావేశంలో చదువుతారు. అది ఎక్కడినుంచి వచ్చిందని లేచి అడిగే హక్కు, క్యాను మోసుకొచ్చిన ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ ఉంటుంది.