సూటి బ్యాటు, సరదా ఆట

ఎండాకాలం సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన ఊళ్లలో స్కూలు గ్రౌండ్ల గోడల మీద క్రికెట్ సమ్మర్ క్యాంపు బ్యానర్లు వెలుస్తాయి. "క్రమశిక్షణతో కూడిన క్రికెట్ శిక్షణ" లాంటి మాటే ఎక్కువగా కనబడుతుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఆరేళ్ల పిల్లవాడి చెవిన అందులో పడేది "శిక్ష" ఒక్కటే. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడమే కావచ్చు, మన బళ్లలో మాత్రం ఆ మాట వినగానే గోడకుర్చీ గుర్తొస్తుంది. పైగా క్ర, క్ష లాంటి అక్షరాలు స్కూటర్ మీద పోతూ చూసేవాళ్లకు అలుక్కుపోయినట్టు ఉంటాయి.

అలాగని "ఆడుకో, ఎంజాయ్ చెయ్" అని రాస్తే ఫీజు కట్టే తండ్రి ఊరుకోడు. ఆ ఆటేదో మా సందులోనే ఆడుకుంటాడు కదా, మీ దగ్గరికెందుకు అంటాడు. ఆయన అడిగింది న్యాయమే.

సరదా, క్రమశిక్షణ అనే రెండు మాటల్ని పక్కపక్కన పెట్టినంత మాత్రాన నినాదం కాదు. గ్రౌండ్‌లో కళ్లకు కనబడే పని ఒకటి పట్టుకోవాలి. "సూటి బ్యాటు, సరదా ఆట" అన్నది నాకు నచ్చినది అందుకే. బంతి వచ్చే దారిలో బ్యాటును నిటారుగా పట్టుకుని ఆడితే, బంతి కాస్త ఎగిరినా, కాస్త కిందికి ఉండిపోయినా బ్యాటుకు తగిలే వీలుంటుంది. అడ్డంగా ఊపితే బంతి ఎత్తును సరిగ్గా అంచనా వేయాల్సిందే, లేదంటే బౌల్డ్. చిన్నపిల్లలకేమో అడ్డంగా ఊపడమే ఇష్టం. కాబట్టి కోచ్‌కు మొదటి క్రమశిక్షణ పాఠం ఇక్కడే దొరుకుతుంది.

దాన్ని సరదాగా ఎలా నేర్పుతారు? బ్యాటర్‌కు ఎదురుగా పది అడుగుల ఎడంతో రెండు కోన్లు పెట్టి, టెన్నిస్ బంతిని మెల్లగా వేస్తారు. కోన్ల మధ్య నుంచి నేల మీద వెళ్తే నాలుగు పరుగులు. ఇంకెటు కొట్టినా, ఎంత దూరం కొట్టినా సున్నా. పది నిమిషాల్లో పిల్లలు తమంతట తామే బ్యాటు నిటారుగా దించడం మొదలుపెడతారు. గోడ మీద రాసిన మాట అలా గ్రౌండ్‌లో ఆట అయింది. ఇలా ఆటగా మార్చలేని నినాదాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

రెండోది "మన బ్యాగు మనమే మోద్దాం". కిట్ బ్యాగు తల్లి మోస్తుంటే వెనకాల పిల్లవాడు చేతులూపుకుంటూ రావడం ఏ అకాడమీ గేటు దగ్గరైనా కనబడుతుంది. ఇక్కడ అసలు కీలకం క్రియలో ఉంది. "నీ బ్యాగు నువ్వే మొయ్యి" అంటే మందలింపు. "మీ పిల్లల బ్యాగు మీరు మొయ్యకండి" అంటే తల్లిదండ్రులకు చురక. "మోద్దాం" అన్నప్పుడు కోచ్ కూడా అందులో ఉన్నాడు. తెలుగులో ఈ "దాం" పెద్ద వరం, ఎవరినీ నొప్పించకుండా అందరినీ పనిలోకి దించుతుంది. అయితే కోచ్ స్టంపుల సంచిని పిల్లల చేత మోయిస్తే ఆ నినాదం ఆ రోజుతో చెల్లిపోతుంది.

మూడోది "ఆరు నీవి, ఆరు నావి". ఓవర్‌కు ఆరు బంతులు కదా, ఆ లెక్కనే వంతులు. నెట్స్‌లో బ్యాటు వదలని పిల్లవాడితో గొడవ పడక్కర్లేదు, పక్కవాళ్లే ఈ మాట గుర్తుచేస్తారు. కాకపోతే ఆట తెలియని అమ్మమ్మకు బోర్డు మీద చూస్తే ఇది అర్థం కాదు. దీని చోటు టీషర్టు వీపు మీదే.

"రేపటి ఇండియా ఆటగాడు మీ ఇంట్లోనే" లాంటివి వద్దనే వద్దు. దేశం తరఫున ఒక మ్యాచ్‌లో ఆడేది పదకొండు మందే. ఎనిమిదేళ్ల పిల్లకు అది సరదానూ ఇవ్వదు, పద్ధతినీ నేర్పదు, ఇంట్లో ఒత్తిడి మాత్రం పెంచుతుంది. పెద్ద ఆటగాళ్ల పేర్లను, ఫోటోలను వాళ్ల అనుమతి లేకుండా వాడటమూ తప్పే.

పెయింటర్‌ను పిలిచే ముందు ఒక పని చేయండి. వార్మప్‌లో పిల్లల చేత నినాదాన్ని మూడుసార్లు అరిపించి, ప్రాక్టీసు అయ్యాక మళ్లీ అడగండి. గుర్తులేదంటే అది పొడవైనట్టు. నవ్వుతూ వెక్కిరింపుగా మార్చి చెప్తే అందులో ఏదో డాంబికం ఉన్నట్టు. ఒక్కోసారి ఒకటి రెండు మాటలు మార్చి తమకు నచ్చినట్టు చెప్తారు. అప్పుడు మీరు రాసుకున్నది వదిలేసి, పిల్లలు చెప్పినదే గోడ మీద రాయించండి.