నల్ల లారీ ఎక్కడ లాలీ అవుతుంది?

పిల్లలు పందెం కాసే మాటల్లో “నల్ల లారీ, తెల్ల లారీ” బాగా పాతది. నాలుగే పదాలు, ఎనిమిదే అక్షరాలు. తెలియని మాట ఒక్కటీ లేదు, పెద్ద సమాసమూ లేదు. అయినా గుక్క తిప్పుకోకుండా పదిసార్లు అనమంటే నాలుగోసారికో అయిదోసారికో తెల్ల లారీ కాస్తా తెల్ల లాలీ అయిపోతుంది. కొందరి నోట రాలీ అవుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమంటారు, ఆట అక్కడితో సరి.

నాటకాలు వేసేవాళ్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, మైకు ముందు మాట్లాడేవాళ్లు ఇలాంటి నోరు తిరగని మాటలనే పనిలోకి దిగే ముందు సాధన చేస్తారు. గాయకులు పాట ఎత్తుకునే ముందు గొంతు సవరించుకున్నట్టు వీళ్లు నాలుకను సిద్ధం చేసుకుంటారన్నమాట. పందెంలో అయితే ఎంత గబగబా అన్నారన్నదే లెక్క. సాధనలో ఆ వేగం చిట్టచివర రావాలి. ఈ వరస తలకిందులు చేసినవాళ్లకు మిగిలేది తప్పును వేగంగా పలకడం అలవాటు కావడమే.

అసలు నాలుక ఎక్కడ తడబడుతోంది? ఆ నాలుగు పదాలనూ చాలా నెమ్మదిగా, నాలుక కొన ఎటు పోతోందో గమనిస్తూ అని చూడాలి. “న” అన్నప్పుడు కొన పై పళ్ల వెనక ఆనుతుంది, గాలి ముక్కులోంచి పోతుంది. “ల” అన్నప్పుడూ కొన ఇంచుమించు అక్కడే ఆనుతుంది, కాకపోతే గాలి నాలుకకు రెండు పక్కల నుంచి జారుతుంది. “ర”కు అదే చోటికి దగ్గరగా కొన ఒక్కసారి తట్టి దిగిపోతుంది. “తె”లోని తకారానికి పళ్లకు ఆని గాలిని ఒక్క క్షణం ఆపేస్తుంది. అంటే ఈ మాటలో పెదవులకు పనే లేదు, నాలుక వెనక భాగానికీ లేదు. బరువంతా కొన మీదే. “పకపక” అనడం ఇంత కష్టం కాదు. పెదవులు “ప” పలుకుతుండగానే నాలుక వెనక భాగం “క”కు సిద్ధమైపోతుంది. పని ఇద్దరు పంచుకుంటారు. నల్ల లారీ దగ్గర అన్ని పనులూ ఒక్కరే చేయాలి. పైగా అవన్నీ ఒకేలా కనిపించి కొద్ది తేడాతో వేరయ్యే పనులు.

మెదడులోనూ సంగతి ఇలాగే ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మూర్ఛ చికిత్సలో భాగంగా మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల చేత అక్షరాలు పలికించి, ఆ ఫలితాలను 2013లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. నోటిలో ఒకే భాగంతో పలికే ధ్వనులకు మెదడులో కనిపించే కదలికలు కూడా దగ్గర దగ్గరగా ఉన్నాయని అందులో తేలింది. ఈ సంగతి విన్నాక తెలుగు వర్ణమాల గుర్తుకు రాకమానదు. క వర్గం నుంచి ప వర్గం దాకా కంఠం, తాలువు, మూర్ధం, దంతాలు, ఓష్ఠాలు అంటూ పుట్టే చోటును బట్టే అక్షరాలను వరసపెట్టిన పట్టిక అది. నోరు తిరగని మాట కావాలంటే ఆ పట్టికలో ఇరుగుపొరుగు అక్షరాలను తీసుకుని అటూ ఇటూ మార్చి పేరిస్తే చాలు.

సాధన ఎలా మొదలుపెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది మొదటిసారే మామూలు మాట వేగంతో అనేస్తారు. అది అప్పటికే ఎక్కువ. ముందు హల్లులను పక్కన పెట్టి అచ్చులు మాత్రమే పలకడం మంచిది. నల్ల లారీ, తెల్ల లారీ అన్నది “అ అ ఆ ఈ, ఎ అ ఆ ఈ” అవుతుంది. వినడానికి పసిపాప ఊకొట్టినట్టుంటుంది కానీ దవడ వదులవుతుంది, ఏ అచ్చు పొట్టిదో ఏది పొడుగుదో చెవికి పడుతుంది. రెండు మూడుసార్లు అలా అన్నాక హల్లులు తిరిగి చేర్చాలి.

ఇక వేగం కొలవడానికి ఫోన్లలో దొరికే మెట్రోనోమ్ యాప్ పనికొస్తుంది. నిమిషానికి ఎన్ని టిక్కులు కావాలో పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంగ్లిష్ పాఠాల్లో చూసి టిక్కుకు ఒక అక్షరం చొప్పున పలికితే తెలుగు పాడవుతుంది. బళ్లో నేర్చుకున్న లఘువు గురువులు ఒకసారి వేసి చూడాలి. నల్లలో “న” గురువు, “ల్ల” లఘువు, కలిపి మూడు మాత్రలు. లారీలో రెండూ గురువులే, నాలుగు మాత్రలు. అక్షరానికో టిక్కు అంటే లఘువునూ గురువునూ ఒకే కొలతకు కుదించినట్టే. నల్ల “నల” అయిపోతుంది, లారీ “లరి” అయిపోతుంది. తెలుగులో ఈ తేడాల మీదే అర్థం ఆధారపడి ఉంటుంది. కల వేరు, కల్ల వేరు. మెడ వేరు, మేడ వేరు. అందుకే టిక్కు పదం మొదట్లో పడాలి. పదం లోపలి పొడుగు పొట్టిలను నోటికే వదిలేయాలి.

ఒక కాలేజీ వార్షికోత్సవానికి వ్యాఖ్యానం చెప్పబోతున్న అమ్మాయిని ఊహించుకుందాం. మెట్రోనోమ్‌ను 40 దగ్గర పెట్టింది. ఒక్కో పదానికి ఒకటిన్నర సెకను, వాక్యం మొత్తానికి ఆరు సెకన్లు. విసుగొచ్చేంత నెమ్మది, కానీ నాలుక ఎక్కడ ఆనుతోందో తెలుసుకునే వీలు ఇక్కడే ఉంది. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే పది పెంచడం, ఒక్కసారి తప్పినా ఇరవై తగ్గడం అని నియమం పెట్టుకుంది. 60 దగ్గర నాలుగు సెకన్లలో ముగుస్తోంది. 80, 90, 100 కూడా సాఫీగా దాటింది. 110 దగ్గర లాలీ దొర్లింది. నియమం ప్రకారం 90కి దిగాలి.

దిగే ముందు ఫోన్‌లో చేసుకున్న రికార్డింగు విన్నది. లాలీ పడింది 110 దగ్గరే, నిజమే. కానీ 90 దగ్గరే నల్ల మెల్లగా “నల” అయిపోయింది, ఆమె చెవికి అది అప్పుడు తెలియనే లేదు. మాట్లాడేవాళ్లు తాము అనదలచుకున్నదే విన్నట్టు అనుకుంటారు. లాలీ లాంటి పెద్ద తప్పు పట్టుబడుతుంది గానీ ద్విత్వం జారిపోవడం, దీర్ఘం కురచబారడం లోపలి చెవికి దొరకవు. కాబట్టి ఆమె అసలు దిగాల్సింది 90కి కాదు, ఇంకో ఇరవై తగ్గించి 70కి. అక్కడ “ల్ల” మీద నాలుకను ఒక్క క్షణం నిలిపి, మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కాలి. రికార్డింగు కుదరకపోతే పక్క గదిలో ఎవరినైనా కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయమంటే సరిపోతుంది.

తప్పు రాబోతోందని శరీరమే ముందుగా చెబుతుంది. దవడ బిగుసుకుంటుంది, గొంతు పెద్దదవుతుంది, వాక్యం చివర ఊపిరి చాలక ఆఖరి “రీ” మింగుడుపడుతుంది. ఈ మూడింట్లో ఏది కనిపించినా తప్పు జరిగేదాకా ఆగకుండా వేగం తగ్గించుకోవచ్చు.

ఎంత వేగం చాలు? 120 దగ్గర ఎనిమిది అక్షరాలు రెండు సెకన్లలో పూర్తవుతాయి, అంటే సెకనుకు నాలుగు. మనుషులు మామూలుగా మాట్లాడుకునే వేగం ఇంచుమించు అదే, కొంచెం అటూ ఇటూగా. 150 దగ్గర సెకనుకు అయిదు. వేదిక ఎక్కేవాళ్లకు అంతకంటే అక్కర్లేదు. ఆపైన ఎక్కడానికి ప్రయత్నించడం సరదాకే తప్ప ఉచ్చారణకు ఒరిగేది లేదు. వేదపాఠకుల కోసం రాసిన పాణినీయ శిక్ష గబగబా చదివేవాణ్ని అధములైన పాఠకుల్లో చేర్చింది. అందులోనే మరో పోలిక ఉంది. ఆడపులి పిల్లలను కోరలతో పట్టుకుని మోసేటప్పుడు కింద పడెయ్యదు, అలాగని పంటి గాటూ పడనివ్వదు, అక్షరాలను అలా పలకాలట. అక్షరం జారిపోతే లాలీ, అతిగా కరిచి పట్టుకుంటే నాటకీయమైన కృత్రిమపు పలుకు. నెమ్మదిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువ చేసి పలికినా పరవాలేదు, వేగం పెరిగేకొద్దీ ఆ అతిని వదిలించుకుంటూ పోవాలి.

ఒకే మాటను నెలల తరబడి వల్లిస్తే వచ్చేది ఆ ఒక్క మాట మీద పట్టే. నల్ల లారీ కొట్టినపిండి అయ్యాక నాలుక దాన్ని నిద్రలోనైనా అనేస్తుంది, శకారం మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఎవరి నోరు ఎక్కడ తడబడుతుందో అక్కడికి తగ్గ మాట కట్టుకోవడం మేలు. ల, ళ కలిసిపోయేవాళ్లు “తాళాల తలుపులు, తలుపుల తాళాలు” అనుకోవచ్చు. ళకు నాలుక కొన వెనక్కి వంగాలి, లకు ముందుకు రావాలి. ణ, న తేడా కోసం “వీణ విన్న వాణి, వాణి విన్న వీణ”. శ, ష, స ఒకటైపోతుంటే “శేషయ్య శెనగలు సంచిలో సర్దాడు”. “లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్య” లాంటివి మాత్రం చివరికి ఉంచుకోవాలి. క్షకారమే కష్టం అనుకుంటే దానికి వత్తు భకారం తోడవుతుంది. ఇక ఆ రోజు చదవాల్సిన కాగితంలోనే కష్టమైన పేరు ఏదైనా ఉంటే అంతకంటే మంచి సాధన లేదు. ఆ పేరునూ దాని పక్క పదాన్నీ తీసుకుని 40 నుంచి మొదలుపెట్టడమే. మొత్తం మీద ఆరేడు నిమిషాలు చాలు. నాలుక అలిసిపోతే సన్నద్ధత కోసం చేసిన పనే బెడిసికొడుతుంది.

పళ్ల మధ్య పెన్సిలో బెండో కరిచి పట్టుకుని అనడం కొందరి పద్ధతి. దాంతో దవడ బిగుసుకోవడమే తప్ప ల, ర తేడా తేలదు. గొంతు బొంగురుపోయినప్పుడు ఈ సాధన పనికిరాదు, ఇది నాలుకకే గానీ స్వరపేటికకు మందు కాదు. నత్తి ఉన్నవాళ్లను వేగంగా అనమని ఒత్తిడి పెట్టడం తప్పు. బడికి వెళ్తున్న పిల్లలు ఏళ్లు గడిచినా “ర” పలకలేకపోతుంటే ఇంట్లో లారీ పందేలు పెట్టకుండా వాక్చికిత్స నిపుణులకు చూపించాలి.

మిగతావాళ్లు ఈ సాయంత్రమే ఒకసారి చూసుకోవచ్చు. మెట్రోనోమ్‌ను 90 దగ్గర పెట్టి “నల్ల లారీ, తెల్ల లారీ” అని పదిసార్లు రికార్డు చేసి, ఇంట్లో ఒకరికి వినిపించి, నల్ల అన్నారో నల అన్నారో అడగండి.