ఎండాకాలంలో పెసల మొలకలు జిగురు పట్టకుండా

మన మంచిర్యాల ఎండలకు పెసలు త్వరగా మొలకెత్తుతాయి, అంతే త్వరగా జిగురూ పడతాయి. గింజల మధ్య నిలిచిన నీటిలో సూక్ష్మక్రిములు పెరగడమే దీనికి కారణం.

ఒక గ్లాసు పెసలు తీసుకుని విరిగినవి, పుచ్చినవి ఏరివేయండి. విత్తనానికి మందు పట్టించిన పెసలు మాత్రం వాడవద్దు. బాగా కడిగి నాలుగు గ్లాసుల మంచినీళ్లలో నానబెట్టండి. చలికాలంలో ఎనిమిది గంటలు పడుతుంది, వేసవిలో ఐదారు గంటలు చాలు. నీళ్లపై నురగ, పులిసిన వాసన వస్తే ఎక్కువ నానినట్టే.

తరువాత చిల్లుల గిన్నెలో పోసి నీరంతా ఓడ్చండి. చాలా ఇళ్లలో గుడ్డలో బిగించి మూట కడతారు. మూట మధ్యలో గాలి ఆడక గింజలు వేడెక్కుతాయి కనుక మేము దాన్ని చెప్పం. ఆ గిన్నెలోనే పలుచగా పరచి, ఉతికిన తడిగుడ్డ కప్పి, వెలుతురు తగలని చల్లని చోట ఉంచండి. రోజుకు మూడుసార్లు కడిగి మళ్లీ ఓడ్చండి. మొలక అర అంగుళం రాగానే ఆపేయాలి. ఇంకా పెరగనిచ్చినా, వెలుతురులో ఉంచినా చేదెక్కుతాయి.

ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయండి. కడిగితే క్రిములన్నీ పోవు. కొన్ని గింజలోనే దాగి ఉండి మొలకతోపాటు పెరుగుతాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఈ.కోలై వల్ల 50 మందికి పైగా చనిపోయారు. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగులు పచ్చివి తినకూడదు. వారికి బాగా ఉడికించే పెట్టండి. జిగురు పట్టినవి, వాసన వచ్చినవి ఉడికించినా వద్దు, పారేయండి.